విడిగా చదివితే నవ్వు రాకూడదు

గుంటూరు బ్రాడీపేటలో ఒక టాక్స్ కన్సల్టెంటు దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. ఏ లైనో చెప్పను. బ్రాడీపేటలో లైను నంబరూ అడ్డరోడ్డు నంబరూ చెబితే చాలు, మనిషి నేరుగా గుమ్మం ముందుకొచ్చి నిలబడతాడు. యార్డులో మిర్చి కమీషను వ్యాపారులు, పురుగుమందుల షాపులు, ఒకటో రెండో ఫంక్షన్ హాళ్లు మా క్లయింట్లు. నెలలో రెండు తేదీలు మమ్మల్ని నడిపించేవి. 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క చూపించి కట్టే జీఎస్టీఆర్-3బి, ఈ రెండు రిటర్న్‌లకీ అవే గడువులు. 20వ తేదీ సాయంత్రం ఆరు దాటిందంటే ఆ గదిలో ఉన్నవాళ్లందరూ ఒకేసారి ఫోన్లలో ఒకే మాట అంటూ ఉంటారు: "సార్, ఓటీపీ వచ్చిందా?"

ఆ ఉద్యోగం మానేసిన రెండేళ్లకి నేనూ నా ఇద్దరు స్నేహితులూ కలిసి అలాంటి ఆఫీసు మీద పన్నెండు నిమిషాల మాక్యుమెంటరీ రాసి తీశాం. డాక్యుమెంటరీ వేషం కట్టిన కల్పిత కథ అన్నమాట. కెమెరావాళ్లెవరో ఆఫీసుకి వచ్చి పని జరుగుతుంటే తీసినట్టు ఉంటుంది. మధ్యమధ్యలో ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఆ మాట్లాడే మనిషి మొహంలో నవ్వు ఉండదు. తను చెప్పేది పూర్తిగా నమ్మి చెబుతాడు. 2001లో బీబీసీలో వచ్చిన "ది ఆఫీస్" చూసినవాళ్లకి ఈ పద్ధతి తెలిసిందే. అందులో వెనక నుంచి నవ్వులు వినిపించవు. ఎక్కడ నవ్వాలో చూసేవాడే వెతుక్కోవాలి.

మొదటి డ్రాఫ్టు మేం మూడు రాత్రుల్లో రాసేశాం. చదువుకుంటూ పడీ పడీ నవ్వాం. ఒక ఆదివారం తెలిసినవాళ్ల ఆఫీసు ఖాళీగా ఉంటే నాలుగు సీన్లు తీసి చూసుకున్నాం. ఎవరికీ నవ్వు రాలేదు. రాసిన మాకే రాలేదు. నా స్నేహితుడు నటులు సరిగ్గా లేరన్నాడు. రెండోవాడు వెనకాల "టింగ్" అని సౌండు వేద్దామన్నాడు. నేను నాలుగు రోజులు స్క్రిప్టు ముందేసుకుని కూర్చున్నాక తప్పు ఎక్కడుందో కనపడింది. తప్పంతా మేం నవ్విన చోట్లలోనే ఉంది.

ఉదాహరణకి ఓనరు మొదటి ఇంటర్వ్యూ ఇలా రాశాం.

ఓనరు: మా ఆఫీసులో స్టాఫ్ లేరండీ, అందరం ఒకే కుటుంబం. అందుకే ఎవరికీ జీతం పెంచను. ఇంట్లోవాళ్లకి ఎవరైనా జీతం పెంచుతారా?

ఇది చదివితే నవ్వొస్తుంది. వాట్సాప్‌లో పంపితే ముగ్గురు తిరిగి పంపుతారు. కానీ తెర మీద ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఈ మాట అంటే, ఇది జోకని అతనికి తెలుసని మనకి తెలిసిపోతుంది. "ఇంట్లోవాళ్లకి" అనేసరికే మా నటుడి కళ్లల్లో మెరుపొచ్చేసింది. ఆ మెరుపు కనపడగానే అది డాక్యుమెంటరీ అన్న భ్రమ పోయింది. ఎదురుగా ఉన్నది ఆఫీసు ఓనరు అనిపించలేదు, టీవీ కామెడీ షోలో స్కిట్టు వేస్తున్న మనిషి అనిపించాడు. ఇంకో నష్టం కూడా ఉంది. ఈ మాట తర్వాత చూపించడానికి సీనేమీ మిగలలేదు. జోకు మాటల్లోనే మొదలై మాటల్లోనే అయిపోయింది. ఇక కెమెరా ఆఫీసులో తిరగడం దేనికి?

ఇది మన అలవాటులోంచి వచ్చిన తప్పని నా అభిప్రాయం. తెలుగు హాస్యం ఎక్కువగా మాటకారి హాస్యం. మాట విసిరినవాడికి అది విసురని తెలుసు, జనానికీ తెలుసు, అందులోనే మజా ఉంది. మా గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పేరు చెబితే బుర్రకథ గుర్తొస్తుంది. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. వాళ్లలో హాస్యం చెప్పేవాడు కథలోంచి బయటికొచ్చి, జనం వైపు తిరిగి, చమత్కారం ఆడి, మళ్లీ కథలోకి వెళ్లిపోతాడు. మాక్యుమెంటరీలో ఇంటర్వ్యూ కూడా పైకి చూడ్డానికి అలాగే ఉంటుంది. కథ ఆగుతుంది, ఒక మనిషి మన వైపు తిరిగి మాట్లాడతాడు. అందుకే మా చెయ్యి తెలీకుండానే వంతపాట రాసేసింది. కానీ హాస్యగాడికి తను నవ్విస్తున్నానని తెలుసు. ఇక్కడ ఇంటర్వ్యూ ఇచ్చేవాడికి ఆ సంగతి తెలియకూడదు. తెలిస్తే మొత్తం కూలిపోతుంది.

అప్పట్నుంచీ మా దగ్గర ఒక పరీక్ష ఉండేది. ప్రతి ఇంటర్వ్యూనీ చీటీ మీద విడిగా రాసి, కథ తెలియని మనిషికి ఇచ్చి చదివించడం. చదివి నవ్వితే ఆ చీటీ చించెయ్యడం. "ఇందులో ఏముంది, మామూలుగానే ఉందిగా" అంటే ఉంచడం. మా అమ్మ ఈ పనికి బాగా పనికొచ్చింది. రెండో డ్రాఫ్టులో ఓనరు మాట చదివి, "పాపం మంచాయనలాగే ఉన్నాడే" అంది. ఆ మాట ఇది.

ఓనరు: ఇక్కడ టైమింగ్స్ అంటూ ఏమీ పెట్టలేదండీ. పనయ్యాక ఎవరి వీలుని బట్టి వాళ్లు వెళ్లొచ్చు. ఆ స్వేచ్ఛ మొదట్నుంచీ ఇవ్వడం జరిగింది.

ఇందులో జోకు లేదు. అబద్ధం కూడా లేదు. ఆయన నిజంగా అలాగే అనుకుంటున్నాడు. దీని పక్కన ఏ సీను పెడతామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

సీను ఇది. రాత్రి 8:50. రిటర్న్‌లన్నీ ఐదు గంటలకే వెళ్లిపోయాయి. ఆరుగురు సీట్లలో కూర్చుని ఉన్నారు. అందరి భుజాలకీ బ్యాగులు తగిలించే ఉన్నాయి, ఒకమ్మాయి ఒళ్లో హెల్మెట్ కూడా ఉంది. ఎవరూ కదలరు. ఓనరు గది తలుపు కింద సందులోంచి లైటు వెలుగు కనపడుతోంది. సీనియర్ క్లర్కు మూర్తిగారు ఎప్పుడో అయిపోయిన ఫైలుని మళ్లీ మొదటి పేజీ నుంచి తిప్పుతున్నాడు.

మూర్తి (ఇంటర్వ్యూ): సార్ లోపల ఉండగా మనం లేచి వెళ్లిపోతే బాగోదు కదండీ. ఆయనేమీ అనరు. అనరనే బాగోదు.

తర్వాత కెమెరా తలుపు తోసుకుని లోపలికి వెళుతుంది. ఓనరు టేబుల్ మీద ఏ కాగితమూ లేదు. పాత క్యాలెండర్ల వెనక ఖాళీ వైపులు కత్తిరించి, చిత్తుకాగితాల కట్ట కుట్టుకుంటున్నాడు. టిఫిన్ బాక్సు మధ్యాహ్నమే ఖాళీ అయింది.

ఓనరు (ఇంటర్వ్యూ): పిల్లలు బయట పనిచేసుకుంటుంటే నేను లేచి ఎలా వెళతానండీ? వాళ్లకి ఉత్సాహం ఎక్కువ. ఇంటి దగ్గర అన్నం చల్లారిపోతోంది, ఏం చేస్తాం.

ఎవరూ జోకు వెయ్యలేదు. ఆయన చెప్పింది నిజం, వాళ్లు చెప్పిందీ నిజం. ఒకరి కోసం ఒకరు కూర్చున్నారన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తెలీదు. రెండు ఇంటర్వ్యూలూ విన్నది కెమెరా ఒక్కటే, కెమెరాతోపాటు మనం. ఈ సినిమా తీసినన్నాళ్లలో నాకు బోధపడిన అసలు సూత్రం ఇదే. ఆఫీసులో పక్క టేబుల్ వాడికి చెప్పని మాట కెమెరాకి చెబుతారు. అలా ఒకరికొకరు చెప్పుకోని మాటలన్నీ చూసేవాడి దగ్గర పోగుపడతాయి. మాటకారితనం ఎంత ఉన్నా, ఈ పోగు లేకపోతే ఇంటర్వ్యూ ఉత్త ఉపన్యాసం అవుతుంది.

ఈ మూడు ముక్కలనీ ఏ వరసలో పెట్టాలన్నదాని మీద మేం చాలా గొడవపడ్డాం. మొదట మేం ఓనరు "అన్నం చల్లారిపోతోంది" ముక్కని ముందు పెట్టాం. అది బాగా వచ్చింది కాబట్టి ముందు పడాలని నా స్నేహితుడి వాదన. అలా పెడితే ఏమైందంటే, ఆయన ఎందుకు కూర్చున్నాడో ముందే తెలిసిపోయింది. తర్వాత బ్యాగులేసుకున్న ఆరుగుర్నీ చూపిస్తే అది సాక్ష్యంలా తోచింది, "చూశారా, మేం చెప్పిందే" అన్నట్టు. వరస తిప్పి, ముందు బ్యాగులు, తర్వాత మూర్తిగారు, చివర ఓనరు అని పెట్టాం. మూర్తిగారి మాట దాకా ఇది మామూలు ఆఫీసు బాధే. ఓనరు ఉన్నంతసేపూ కూర్చోవడం మనందరికీ తెలిసిందే, ఓనరు మీద కాస్త కోపం కూడా వస్తుంది. ఆయన నోరు విప్పగానే ఆ కోపం నిలబడ్డానికి చోటు లేకుండా పోతుంది. నవ్వు అక్కడొచ్చింది.

అయితే ఎప్పుడూ సీను తర్వాతే ఇంటర్వ్యూ రావాలని చెప్పలేను. "టైమింగ్స్ అంటూ ఏమీ పెట్టలేదండీ" అన్నది మాత్రం సినిమా మొదట్లో, మూడో నిమిషంలోనే పడుతుంది. అప్పుడది ఉత్త సమాచారం. ఆరు నిమిషాల తర్వాత 8:50 సీను వచ్చినప్పుడు చూసేవాడికి ఆ మాట తనంతట తనే గుర్తు రావాలి. మేం గుర్తు చెయ్యలేదు. చేద్దామని ఒకసారి అనుకుని, మళ్లీ ఆ ముక్కనే చూపించి, వెంటనే తీసేశాం. ముందు మాట, వెనకే దాన్ని కొట్టేసే సీను, ఇలా వెంటవెంటనే పెడితే మొదటిసారి బాగుంటుంది, రెండోసారికి చూసేవాడు కనిపెట్టేస్తాడు. మూడోసారి మనిషి నోరు తెరవగానే "ఇప్పుడు దీనికి ఎదురు చూపిస్తారు" అని తనే అనేస్తాడు. పన్నెండు నిమిషాల్లో అలాంటిది ఒక్కటే ఉంచుకున్నాం.

ఆ ఒక్కటీ ఓటీపీ మీద పెట్టాం. జీఎస్టీ రిటర్న్ ఓటీపీతో దాఖలు చెయ్యాలంటే ఆ నంబరు వ్యాపారి ఫోనుకీ మెయిలుకీ వెళుతుంది. ఫోను ఆయన జేబులో, ఆయన యార్డులో, మనం బ్రాడీపేటలో. గడువు దాటితే లేటు ఫీజు మామూలు రిటర్న్‌కి రోజుకు 50 రూపాయలు, అమ్మకాలూ కొనుగోళ్లూ ఏమీ లేని నిల్ రిటర్న్‌కి 20. కట్టాల్సిన పన్ను మీద వడ్డీ వేరే. మా ఓనరు "క్లయింట్లకీ మాకూ మధ్య ఉన్నది నమ్మకం అండీ, కాగితం తర్వాత" అంటాడు. వెంటనే సీను.

కొత్తమ్మాయి (ఫోన్లో): బాబాయిగారూ, ఆఫీసు నుంచండీ. ఇప్పుడు మీకొక నంబరు వచ్చుంటుంది, కాస్త చదవండి.

వ్యాపారి (ఫోన్లో గొంతు): ఏమ్మా, నేనంత అమాయకుడిలా కనపడుతున్నానా?

అమ్మాయి: బాబాయిగారూ, నేనండీ. నిన్న మీ బిల్లులు కూడా నేనే ఎక్కించాను.

వ్యాపారి: నా బిల్లుల సంగతి కూడా కనుక్కున్నారా!

ఫోను పెట్టేసిన చప్పుడు. అమ్మాయి కాసేపు తెరకేసి చూసి, మళ్లీ అదే నంబరు నొక్కుతుంది. ఇందులో మేం కల్పించింది చాలా తక్కువ. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు అన్నాళ్లుగా చెబుతున్నారు, ఆయన విన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఇలాంటి చోట వ్యాపారిని పల్లెటూరి మొద్దులా రాయడం తేలిక. మొదటి డ్రాఫ్టులో అలాగే రాశాం, యాస కూడా పెట్టాం. తర్వాత సిగ్గేసింది. యాస చూసి నవ్వు రావాలని రాస్తున్నామంటే మన దగ్గర వేరే సరుకు లేదని లెక్క.

ఇంతకు ముందు "ఇవ్వడం జరిగింది" అన్న మాట వచ్చింది కదా, దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే మొహంలో నవ్వు లేకుండా నవ్వించడానికి తెలుగులో దీన్ని మించిన సాధనం నాకు కనపడలేదు. మామూలుగా "పంపాను" అనే మనిషి ఎదురుగా మైకు పెట్టగానే "పంపించడం జరిగింది" అంటాడు. "నేను" మాయమైపోతుంది, "మనం" వస్తుంది. "చూస్తాం" అన్నది "దృష్టి సారిస్తాం" అవుతుంది. ఎవరూ నేర్పలేదు, న్యూస్ చానళ్లు చూసీ మీటింగుల్లో విని విని వచ్చేసింది. ఈ వాక్యంలో పని జరుగుతుంది, చేసినవాడు కనపడడు. తప్పు ఒప్పుకోకుండా తప్పు గురించి మాట్లాడ్డానికి ఇంతకన్నా వీలైన నిర్మాణం ఏముంది?

మూర్తిగారు ఒక క్లయింటు ఫైలు మీద తన టిఫిన్ క్యారియర్ పెడతాడు. కెమెరా చూస్తుంది. ఆయన చూడడు. గంటసేపు అందరూ ఆ ఫైలు కోసం అల్మరాలు దించుతారు. ఆయన కూడా దించుతాడు. తర్వాత ఇంటర్వ్యూలో, "సదరు ఫైలు కనపడకుండా పోవడం జరిగిందండీ, దొరకడం కూడా జరిగింది" అంటాడు. అంతే. దొరికింది ఎక్కడో చెప్పడు. మేం అడగం.

ఈ భాష అందరికీ పెట్టకూడదు. పెడితే అందరూ ఒకే గొంతుతో మాట్లాడినట్టు ఉంటుంది, ఎవరి మాటో తెలీదు. మా స్క్రిప్టులో ఓనరు, మూర్తిగారు ఇద్దరే ఇలా మాట్లాడతారు. ఓనరుకి అది హోదా, మూర్తిగారికి అది గొడుగు. కొత్తమ్మాయి ఇంటర్వ్యూలో కూడా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతుంది, ఎందుకంటే ఆమెకి ఇంకా దాచుకోవాల్సిందేమీ లేదు. సినిమా చివర్లో ఆమె మొదటిసారి "జరిగింది" అంటుంది. ఆమె ఆ ఆఫీసులో కలిసిపోయిందని చెప్పడానికి మేం రాసింది ఆ ఒక్క క్రియాపదమే. చూసినవాళ్లలో ఇద్దరు పట్టుకున్నారు. మిగతావాళ్లు పట్టుకోకపోయినా నాకు బాధ లేదు.

కెమెరా అక్కడ ఎందుకుందో మొదటే తేల్చుకోవాలి. చాలామంది ఈ పని వదిలేస్తారు. కానీ ఎవరి కోసం తీస్తున్నారో తెలిస్తేనే ఎవరు ఏది దాస్తారో తెలుస్తుంది. మా కథలో ఆఫీసు పెట్టి పాతికేళ్లయిన సందర్భంగా ఓనరే డబ్బులిచ్చి వీడియో తీయిస్తున్నాడు, ఫంక్షన్ హాల్లో వేసి బంధువులకి చూపించడానికి. ఈ ఒక్క నిర్ణయంతో సగం స్క్రిప్టు తనే కుదిరింది. స్టాఫ్ ఏమన్నా ఓనరు చూస్తాడు. కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, పొగుడుతూనే ఉంటారు. ఫిర్యాదంతా పొగడ్తలోంచే కారాలి. "సార్ మమ్మల్ని ఇంటి మనుషుల్లా చూస్తారండీ, పండగలకి కూడా ఇక్కడే ఉంటాం" అంటాడు ఆఫీస్ బాయ్. అతను అది నిజంగా మంచి మాట అనుకునే చెప్పాడు.

కెమెరాకేసి సూటిగా చూడ్డం గురించి కూడా ఇక్కడే చెబుతాను. ఇంటర్వ్యూలో మనిషి లెన్సు వైపు చూడడు, దాని పక్కన కూర్చుని ప్రశ్నలడుగుతున్నవాడి వైపు చూస్తాడు. ప్రశ్న మనకి వినపడదు, జవాబులోంచే తెలియాలి. లెన్సులోకి సూటిగా చూసే చూపు వేరు. అది పని మధ్యలో, మాట లేకుండా వస్తుంది. "మీరూ చూశారా?" అని అడగడం లాంటిది. ఆ చూపు ఎవరికి ఇవ్వాలన్నది రచయిత స్క్రిప్టులోనే రాయాలి, నటుల ఇష్టానికి వదలకూడదు. మేం వదిలాం. మొదటి ఆదివారం తీసిన నాలుగు సీన్లలో అందరూ ప్రతి రెండు మాటలకీ ఒకసారి కెమెరాకేసి చూసి కళ్లెగరేశారు. అందరికీ అంతా తెలిసిపోయినట్టు ఉంది. ఇక మోసపోయేవాడు ఎవరు? రెండో డ్రాఫ్టులో మొత్తం సినిమాకి రెండే చూపులు ఉంచాం, రెండూ కొత్తమ్మాయికే. గదిలో అందరికన్నా తక్కువ జీతం ఆమెదే, గది ఆమెకింకా అలవాటు కాలేదు. ఓనరుకి చూపు ఇస్తే తన ఆఫీసుని తనే వెక్కిరించినట్టు అవుతుంది. మూర్తిగారికి ఇస్తే ఆయన పాతికేళ్లూ తెలిసే కూర్చున్నాడని అర్థం, అది హాస్యం దాటి వేరే సినిమా అయిపోతుంది.

రాయడంలో ఇంకో చిన్న సంగతి. జవాబు ఎక్కడ ఆపాలో రాసేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి, ఆపిన తర్వాత రెండు క్షణాలు మనిషిని అలాగే ఉంచాలి. మా మూర్తిగారి వేషం వేసినాయన యార్డు దగ్గర నిజంగా గుమాస్తా, నాటకాలు కూడా వేశారు. నాటకాల అలవాటు కొద్దీ చివరి మాట మీద బరువు వేసి, ఈల కోసం ఆగినట్టు ఆగేవారు. ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. చివరికి నేను ప్రతి జవాబు చివరా ఒక పనికిరాని వాక్యం కలిపి ఇచ్చాను. "అనరనే బాగోదు" తర్వాత "ఫ్యాను కొంచెం తగ్గించమంటారా?" అని. ఆయన బరువంతా ఫ్యాను మీద వేసేవారు, అసలు మాట మామూలుగా వెళ్లిపోయేది. ఎడిటింగులో ఫ్యాను తీసేశాం. ఒక్కచోట మాత్రం తియ్యలేదు, అది బాగుంది.

ఇంటర్వ్యూలన్నీ ఒకే పూట, రికార్డులుండే గదిలో తీశాం. ఎర్రగుడ్డలో కట్టిన పాత ఫైళ్లు వెనకాల, పక్కన మీటరు బోర్డు. కథలో మాత్రం అవి పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా పరుచుకుని ఉంటాయి. ఏ ఇంటర్వ్యూ ఎన్ని గంటలకో స్క్రిప్టు పక్కన రాసుకోకపోతే, రాత్రి మాట్లాడే మనిషి ఇస్త్రీ చొక్కాతో మెరిసిపోతూ ఉంటాడు. మేం రాసుకున్నాం, అయినా ఓనరు జేబులో పెన్ను మధ్యాహ్నం ఉంది, సాయంత్రం లేదు, రాత్రి మళ్లీ వచ్చింది.

ముగింపు చాలాకాలం దొరకలేదు. ఆరుగురూ కూర్చున్నారు, ఓనరూ కూర్చున్నాడు, వీళ్లని లేపేదెలా? మొదట ఓనరు భార్య ఫోను చేస్తుందని రాశాం. కానీ అప్పుడు ఎవరో బయటివాళ్లొచ్చి ముడి విప్పినట్టు అవుతుంది. కరెంటు తీసేద్దామన్నది మా రెండోవాడు. తలుపు కింద వెలుగు చూసే కదా వాళ్లు కూర్చున్నది? కరెంటు పోతే వెలుగు పోతుంది, సార్ వెళ్లిపోయారని వీళ్లు అనుకుంటారు. కాకపోతే ఏ ఆఫీసులోనైనా ఇన్వర్టర్ ఉంటుంది. అందుకని ఐదో నిమిషంలో మూర్తిగారి చేత ఒక ఇంటర్వ్యూ చెప్పించాం: "ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎప్పటికప్పుడు పోయించడం జరుగుతోందండీ." అప్పటికి అది ఎవరూ పట్టించుకోని వాక్యం. మా అమ్మ ఆ చీటీ చదివి "ఇదెందుకు రాశావు?" అని అడిగింది. పాసైంది.

చివరి సీనులో డైలాగు లేదు. కరెంటు పోతుంది. ఇన్వర్టర్ రెండుసార్లు కుయ్యిమని ఆగిపోతుంది. చీకట్లో కుర్చీలు జరిగిన చప్పుడు, బ్యాగు జిప్పుల చప్పుడు, చెప్పుల చప్పుడు. అదే సమయంలో లోపల కుర్చీ జరిగిన చప్పుడు కూడా. బయటవాళ్లు వెళ్లిపోతున్నారు, ఇక తనూ వెళ్లొచ్చని ఆయన. తలుపు తెరుచుకుంటుంది. కరెంటు వస్తుంది. ఆయన చేతిలో టిఫిన్ బాక్సు, ఆరుగురి భుజాల మీద బ్యాగులు, అందరూ గుమ్మం దగ్గర ఎదురుబొదురుగా. మూడు క్షణాలు. ముందు మూర్తిగారు తిరిగి సీట్లో కూర్చుంటాడు. తర్వాత ఒక్కొక్కరూ. వాళ్లు కూర్చోవడం చూసి ఆయన లోపలికి వెళ్లి తలుపేసుకుంటాడు. కొత్తమ్మాయి రెండో చూపు అక్కడ ఖర్చు పెట్టాం.

ఓనరు (ఇంటర్వ్యూ, రాత్రి 9:25): నిన్న కరెంటు పోయిందనుకోండి, ఇవాళ కరెంటు పోయిందనుకోండి, ఇక్కడ పని ఆగడం అనేది జరగలేదు.

సినిమా పూర్తయ్యాక లక్ష్మీపురంలో మా స్నేహితుడి ఇంట్లో గోడ మీద వేసి పదిహేనుమందికి చూపించాం. నేను పనిచేసిన ఆఫీసు సార్‌ని కూడా పిలిచాను. పిలవాలా వద్దా అని వారం రోజులు టెన్షన్ పడి, చివరికి ఫోను చేస్తే ఆయన సంతోషంగా వచ్చారు, అరడజను అరటిపళ్లు కూడా తెచ్చారు. మిగతావాళ్లు బ్యాగుల సీను దగ్గర నవ్వడం మొదలుపెట్టి కరెంటు సీనుకి గోల గోల చేశారు. ఆయన మొదట్నుంచీ చివరిదాకా నవ్వలేదు, శ్రద్ధగా చూశారు. లైట్లు వేశాక నా దగ్గరికొచ్చి భుజం తట్టి, "బాగుందయ్యా. పాపం ఆయన అంతసేపు ఆకలితో ఉన్నాడు, ఒక్కడైనా వెళ్లి అడగలేదు చూడు" అన్నారు. నేను అవునన్నాను.

చెప్పులేసుకుంటూ మళ్లీ ఆగి అడిగారు: "ఇంతకీ ఆ బ్యాటరీ మార్పించారా?"